ముందు ముగిసేదానికే ముందు చోటు ఎందుకు?

ఒక గ్రంథాలయానికి సమావేశ మందిరం ఒకటే ఉందనుకుందాం. ఒక ఆదివారం దాన్ని వాడుకుంటామంటూ తొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. పుస్తక ప్రదర్శన వారికి ఉదయం 7:30 నుంచి సాయంత్రం 5 వరకు కావాలి. యోగా తరగతికి 8 నుంచి 9:30 వరకు చాలు. పద్య పఠన పోటీ 9 నుంచి 11 వరకు, పిల్లల చిత్రలేఖనం 11 నుంచి 12 వరకు, సంగీత సాధన 12 నుంచి 2 వరకు, కవి సమ్మేళనం 1 నుంచి 3 వరకు. ఆ తరువాత పింఛనుదారుల సమావేశం 3 నుంచి 4:30 వరకు, నాటకం రిహార్సల్ 5 నుంచి 7 వరకు, హరికథ 5:30 నుంచి రాత్రి 8:30 వరకు.

ఎవరి సమయాన్నీ కత్తిరించకూడదు, జరపకూడదు. ఇస్తే అడిగినంతా ఇవ్వాలి, లేదంటే కాదనాలి. అద్దె గురించి ప్రస్తుతానికి ఆలోచించం. వీలైనన్ని ఎక్కువ దరఖాస్తులకు సరేననడమే లక్ష్యం. కంప్యూటర్ సైన్సు విద్యార్థులు ఇంటర్వల్ షెడ్యూలింగ్ అని చదివే సమస్య ఇదే.

తొమ్మిది దరఖాస్తులైతే సాధ్యమైన ఎంపికలు 512. ఓపికగా అన్నీ రాసి చూడవచ్చు. దరఖాస్తులు 40 అయితే ఆ సంఖ్య లక్ష కోట్లు దాటుతుంది. అందుకని అన్నీ చూడకుండా, ఒక నియమం పెట్టుకొని ఒక్కొక్క దరఖాస్తునే పరిశీలిస్తూ, ఒకసారి తీసుకున్న నిర్ణయం మీద మళ్లీ వెనక్కి వెళ్లకుండా ముందుకు సాగే పద్ధతి కావాలి. దాన్నే గ్రీడీ పద్ధతి అంటారు. చిక్కంతా ఏ నియమం పెట్టుకోవాలన్న దగ్గరే ఉంది.

అందరికీ మొదట తోచేది, ముందు మొదలయ్యేవారికి ముందు ఇవ్వడం. మన ఆదివారం మీద దాన్ని ప్రయోగిస్తే ఫలితం దారుణంగా ఉంటుంది. 7:30కే మొదలయ్యే పుస్తక ప్రదర్శన మందిరాన్ని సాయంత్రం 5 దాకా పట్టుకుంటుంది. ఆ తరువాత రిహార్సల్ ఒక్కటే పడుతుంది. మొత్తం రెండు. తొందరగా వచ్చి కూర్చున్నవాడు తొందరగా లేచిపోతాడన్న హామీ ఏమీ లేదు.

సరే, తక్కువ సమయం అడిగినవారికి ముందు ఇద్దాం. చిత్రలేఖనానికి ఒక గంట, యోగాకు, పింఛనుదారులకు గంటన్నర చొప్పున ఇచ్చేశాం. మిగిలినవాటిలో రెండేసి గంటలవి చూస్తే సంగీత సాధన లేదా కవి సమ్మేళనం ఒకటి, రిహార్సల్ ఒకటి పడతాయి. మొత్తం ఐదు. ఈ ఆదివారానికి ఇంతకంటే ఎక్కువ సాధ్యం కాదు. కాబట్టి ఈ నియమం బాగుందనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. ఇంకో రోజు మూడే దరఖాస్తులు వచ్చాయనుకోండి: 9 నుంచి 11 వరకు ఒకటి, 11 నుంచి 1 వరకు ఒకటి, రెండింటి నడుమ 10:45 నుంచి 11:15 వరకు అరగంట మాత్రమే అడిగింది ఒకటి. తక్కువ సమయం నియమం ఆ అరగంటదాన్ని ఎంచుకొని, అటూ ఇటూ ఉన్న రెండింటినీ పోగొట్టుకుంటుంది. రెండు పట్టే చోట ఒక్కటే మిగిలింది. ఒక ఉదాహరణలో నెగ్గిన నియమం సరైనదని ఎన్నడూ అనుకోకూడదనడానికి ఇంతకంటే చిన్న సాక్ష్యం నాకు తెలియదు.

మూడో నియమం కాస్త తెలివైనది. ఎవరితో తక్కువ మందికి గొడవ ఉందో వారికి ముందు ఇద్దాం. నేను మొదటిసారి విన్నప్పుడు ఇది తప్పవుతుందని అనుకోలేదు. దీన్ని పడగొట్టే ఉదాహరణ కాస్త పెద్దది. 8 నుంచి 10, 10 నుంచి 12, 12 నుంచి 2, 2 నుంచి 4 అని నాలుగు దరఖాస్తులు వరుసగా ఉన్నాయి. ఈ నాలుగింటికీ ఇవ్వవచ్చు. ఇప్పుడు 9:30 నుంచి 10:30 వరకు మూడు దరఖాస్తులు, 1:30 నుంచి 2:30 వరకు ఇంకో మూడు, మధ్యలో 11:30 నుంచి 12:30 వరకు ఒకటి చేర్చండి. ఆ మధ్యదానికి ఇద్దరితోనే గొడవ. మిగిలిన ప్రతిదానికీ కనీసం ముగ్గురితో ఉంది. కాబట్టి నియమం మధ్యదాన్ని ముందు ఎంచుకుంటుంది. దాంతో వరుసలోని నడిమి రెండూ పోతాయి. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి దక్కి మొత్తం మూడు దగ్గర ఆగిపోతుంది.

నాలుగో నియమం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. అందరికంటే ముందు ముగిసేదాన్ని ఎంచుకో. దానికి అడ్డం వచ్చేవాటిని తీసెయ్యి. మిగిలినవాటిలో మళ్లీ ముందు ముగిసేదాన్ని ఎంచుకో. మన ఆదివారంలో 9:30కి ముగిసే యోగా తరగతి మొదటిది. పద్య పఠనం 9 గంటలకే మొదలవుతుంది కనుక పోయింది. 12కి ముగిసే చిత్రలేఖనం వచ్చింది. ఆ వెనుకే 12కి మొదలై 2కి ముగిసే సంగీత సాధన. కవి సమ్మేళనం పోయింది. 4:30కి ముగిసే పింఛనుదారుల సమావేశం, 7కి ముగిసే రిహార్సల్ వచ్చాయి. ప్రదర్శన, హరికథ పోయాయి. మొత్తం ఐదు.

ఇది ఎందుకు సరైనదని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: ముందు ముగిసేదాన్ని తీసుకుంటే తరువాతివారికి ఎక్కువ సమయం మిగులుతుంది కదా! వినడానికి బాగానే ఉంది. కానీ తక్కువ సమయం నియమాన్ని సమర్థించేవారు కూడా సరిగ్గా ఇదే మాట చెప్పగలరు. తక్కువ సమయం తీసుకునేదాన్ని ఎంచుకుంటే మిగతావారికి ఎక్కువ సమయం మిగులుతుంది కదా! రెండు వాదాలూ ఒకే బరువుతో ఉన్నాయి, ఒకటి నిజం, ఒకటి అబద్ధం. అంటే ఆ మాటలో రుజువు లేదు. నిజాన్నీ అబద్ధాన్నీ విడదీయగల వాదం ఇంకొకటి కావాలి. దాన్నే మార్పిడి వాదన అంటారు. తరగతుల్లో ఎక్స్ఛేంజ్ ఆర్గ్యుమెంట్ అన్న పేరే ఎక్కువగా వినిపిస్తుంది.

ఎవరో ఒకరు మన దగ్గరికి వచ్చి, మీ నియమం సంగతి నాకు తెలియదు, నేను చేతితో కూర్చి ఒక ఉత్తమమైన జాబితా తెచ్చానన్నారనుకోండి. ఆయన జాబితా ఇది: పద్య పఠనం, చిత్రలేఖనం, కవి సమ్మేళనం, పింఛనుదారులు, హరికథ. ఇవి కూడా ఐదే. ఒకదానికొకటి అడ్డం రావు. మన జాబితా వేరు: యోగా, చిత్రలేఖనం, సంగీతం, పింఛనుదారులు, రిహార్సల్.

ఇప్పుడు ఆయన జాబితాను చెడగొట్టకుండా, ఒక్కొక్క పేరే మారుస్తూ, మన జాబితాగా మార్చేద్దాం. మొదటి చోటే తేడా ఉంది. ఆయనది 11కి ముగిసే పద్య పఠనం, మనది 9:30కి ముగిసే యోగా. పద్య పఠనాన్ని తీసి యోగాను పెడితే ఎవరికైనా ఇబ్బందా? దాని ముందు ఎవరూ లేరు. దాని తరువాతి చిత్రలేఖనం 11కి మొదలవుతుంది. 11 దాకా నిండి ఉన్న మందిరం ఇప్పుడు 9:30కే ఖాళీ అవుతోంది. చిత్రలేఖనం వారికి తేడా కూడా తెలియదు. జాబితాలో సంఖ్య ఐదే.

రెండో చోట ఇద్దరికీ చిత్రలేఖనమే. మూడో చోట ఆయనది 3కి ముగిసే కవి సమ్మేళనం, మనది 2కి ముగిసే సంగీతం. మార్చి చూద్దాం. సంగీతం 12కి మొదలవుతుంది, అంతకుముందున్న చిత్రలేఖనం 12కి ముగుస్తుంది, ఎడమ పక్క సరిపోయింది. కుడి పక్కనున్న పింఛనుదారులు 3కి వస్తారు, మందిరం 2కే ఖాళీ. నాలుగో చోట తేడా లేదు. ఐదో చోట హరికథ తీసి రిహార్సల్ పెడితే ఎడమ పక్క 4:30కి ముగిసిన సమావేశం, కుడి పక్క ఎవరూ లేరు. మూడు మార్పిళ్లలో ఆయన జాబితా అచ్చంగా మన జాబితా అయిపోయింది. ఏ దశలోనూ సంఖ్య తగ్గలేదు.

ఇదంతా ఒక ఆదివారం కథ. రుజువు కావాలంటే ఏ రోజుకైనా, ఎన్ని దరఖాస్తులకైనా ఇదే పని జరుగుతుందని చూపాలి. ఏదో ఒక ఉత్తమ జాబితా తీసుకుందాం. రెండు జాబితాలనూ సమయక్రమంలో పక్కపక్కన పెట్టి, తేడా మొదటిసారి వచ్చే చోటు దగ్గర ఆగుదాం. అక్కడ మన ఎంపికను g అనీ, ఉత్తమ జాబితాలోని ఎంపికను o అనీ పిలుద్దాం. అంతకుముందున్నవన్నీ రెండింట్లోనూ ఒకటే.

ఒక ప్రశ్న వేసుకోవాలి. మనం g ని ఎంచుకున్న ఆ క్షణంలో o కూడా మన ముందు ఉందా? ఉంది. o దాని జాబితాలో తనకు ముందున్నవాటికి అడ్డం రాదు. ఆ ముందున్నవే మనవి కూడా. కాబట్టి మనం కావాలనుకుంటే o ని ఎంచుకునేవాళ్లమే. అయినా g ని ఎంచుకున్నామంటే, g ముగింపు o ముగింపు కంటే ఆలస్యం కాదు. రుజువు మొత్తానికి ఇరుసు ఈ ఒక్క వాక్యమే. గుర్తుల్లో రాస్తే `finish(g) <= finish(o)`.

ఇక o ని తీసి g ని పెడదాం. ఎడమ పక్క ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ ముందున్నవాటికి అడ్డం రాదు కనుకనే మనం g ని ఎంచుకున్నాం. కుడి పక్క కూడా ఇబ్బంది లేదు. o తరువాత వచ్చేది o ముగిశాకే మొదలవుతుంది, g అంతకంటే ఆలస్యంగా ముగియదు. మరి g అదే జాబితాలో ఇంకెక్కడో ముందే ఉంటే, ఒకే దరఖాస్తు రెండుసార్లు లెక్కకు వస్తుందా? రాదు. o తరువాత ఉండాలంటే o ముగిశాక మొదలవ్వాలి, అప్పుడు o కంటే ఆలస్యంగా ముగుస్తుంది, అది ఇందాకటి వాక్యానికి విరుద్ధం. చాలా పుస్తకాలు ఈ చిన్న సందును చెప్పకుండా దాటేస్తాయి. నాకు మాత్రం దాన్ని మూసేదాకా మనసు ఒప్పదు.

మార్పిడి తరువాత జాబితా ఇంకా చెల్లుబాటు అవుతుంది, సంఖ్య మారలేదు, కాబట్టి ఇప్పటికీ ఉత్తమమే. తేడా వచ్చే చోటు మాత్రం కనీసం ఒక అడుగు కుడికి జరిగింది. ఇలా చేస్తూ పోతే మన జాబితా ఉన్నంత మేరా రెండూ ఒకటైపోతాయి. అప్పుడు ఉత్తమ జాబితాలో మనకు లేనిది చివర ఇంకొకటి మిగిలి ఉంటుందా? ఉంటే అది మన చివరి ఎంపిక ముగిశాక మొదలవుతుంది. అలాంటి దరఖాస్తు మిగిలి ఉండగా మన పద్ధతి ఆగదు. ఆగింది కాబట్టి అలాంటిది లేదు. రెండింటి సంఖ్యా సమానం.

ఈ రుజువును పరీక్షల్లో రాసేటప్పుడు తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఉత్తమ జాబితా మన జాబితాకంటే వేరుగా ఉంటే దాన్ని మెరుగుపరచవచ్చు, కాబట్టి విరుద్ధం అని రాసేస్తారు. మెరుగేమీ పడదు. పైన వచ్చినాయన జాబితా మనదానికి భిన్నమే, అయినా ఉత్తమమే. ఉత్తమ జాబితా ఒక్కటే ఉండాలన్న నియమం లేదు. మార్పిడి చెప్పేది నష్టం లేదని మాత్రమే. లాభం ఉందని కాదు.

ఇప్పుడు తప్పుడు నియమాలను ఇదే వాదన ముందు నిలబెడదాం. తక్కువ సమయం నియమం g గా 10:45 నుంచి 11:15 వరకు ఉన్నదాన్ని ఎంచుకుంది. ఉత్తమ జాబితాలో 9 నుంచి 11, 11 నుంచి 1 ఉన్నాయి. మొదటిదాన్ని తీసి g ని పెడితే 11కి రావలసినవారు తలుపు దగ్గర నిలబడాలి, ఎందుకంటే g 11:15 దాకా కదలదు. ఎడమ పక్క సరే, కుడి పక్క తెగింది. తక్కువసేపు ఉంటుందన్న విషయం ఎప్పుడు ముగుస్తుందో చెప్పదు. ముందు మొదలవుతుందన్న విషయమూ చెప్పదు. కుడి పక్కవారికి కావలసిన హామీ ముగింపు సమయం ఒక్కటే ఇస్తుంది. ఇందాక ఒకే బరువుతో కనిపించిన రెండు మాటలు ఇక్కడ విడిపోయాయి.

కాలాన్ని తిరగేసి, రాత్రి నుంచి ఉదయానికి నడిచినా ఇదే వాదన పని చేస్తుంది. అప్పుడు అందరికంటే ఆలస్యంగా మొదలయ్యేదాన్ని ఎంచుకోవాలి. మన ఆదివారంలో అలా వెళితే హరికథ, పింఛనుదారులు, కవి సమ్మేళనం, చిత్రలేఖనం, పద్య పఠనం వస్తాయి. ఇందాక ఆయన చేతితో కూర్చి తెచ్చిన జాబితా అదే!

కోడ్‌గా రాస్తే కొన్ని పంక్తులే:

```python
def choose(reqs):
    picked, last = [], float("-inf")
    for s, f in sorted(reqs, key=lambda r: r[1]):
        if s >= last:
            picked.append((s, f))
            last = f
    return picked
```

ఎక్కువ పని వరుస పేర్చడంలోనే ఉంది. n దరఖాస్తులకు అది `n log n` స్థాయిలో జరుగుతుంది, ఆ తరువాతి నడక ఒక్కసారే.

తప్పులు దొర్లే చోట్లు రుజువులో కాక ఇక్కడ ఉంటాయి. `>=` బదులు `>` రాస్తే 12కి ముగిసే చిత్రలేఖనానికీ 12కి మొదలయ్యే సంగీతానికీ గొడవ ఉందని కోడ్ అనుకుంటుంది. రెండు నిర్వచనాల్లో ఏదైనా పెట్టుకోవచ్చు, కానీ మందిరం నిర్వాహకులు అనుకునేది, కోడ్ అనుకునేది ఒకటే కావాలి. సమయాలను అక్షరాలుగా ఉంచి పేర్చితే ఇంకో ముప్పు ఉంది: `"10:00"` అన్నది `"9:30"` కంటే ముందు వస్తుంది, ఎందుకంటే పోలిక మొదటి అక్షరంతో జరుగుతుంది. నిమిషాల్లోకి మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

మూడోది కాస్త సూక్ష్మం. ప్రతి కార్యక్రమం తరువాత మందిరం ఊడ్చడానికి 15 నిమిషాలు కావాలంటే షరతును `s >= last + 15` గా మార్చితే చాలు. అందరి ముగింపులూ సమానంగా జరిగాయి కాబట్టి వరుస మారదు. కానీ రక్తదాన శిబిరం తరువాత గంట, యోగా తరువాత ఐదు నిమిషాలు అన్నట్టు శుభ్రం చేసే సమయం ఒక్కొక్కదానికి ఒక్కోలా ఉంటే, పేర్చవలసింది ముగింపును బట్టి కాదు, ముగింపుకు శుభ్రం చేసే సమయం కలిపిన దాన్ని బట్టి. కుడి పక్కవారు ఎదురుచూసేది మందిరం ఎప్పుడు ఖాళీ అవుతుందన్న దానికోసమే కదా. ఇలాంటి పొరపాటు కళ్లతో చూస్తే దొరకదు. పది పన్నెండు యాదృచ్ఛిక దరఖాస్తులు తయారు చేసి, అన్ని ఎంపికలనూ లెక్కించి పోల్చితే దొరుకుతుంది. పన్నెండు దరఖాస్తులకు ఎంపికలు 4,096, కంప్యూటర్‌కు క్షణం పని.

అద్దెను పక్కన పెట్టామని మొదట్లో అన్నాను. ఇప్పుడు తీసుకుందాం. రిహార్సల్ వారు వెయ్యి రూపాయలు ఇస్తారు, హరికథ నిర్వాహకులు మూడు వేలు ఇస్తారు. లక్ష్యం సంఖ్య కాదు, వసూలు. ఐదో చోట చేసిన మార్పిడి గుర్తుందా? హరికథ తీసి రిహార్సల్ పెట్టాం, సమయాల్లో ఏ ఇబ్బందీ రాలేదు. సంఖ్య తగ్గలేదు. వసూలు మాత్రం రెండు వేలు తగ్గింది. ఎడమ, కుడి పరీక్షలు రెండూ గట్టెక్కాయి, విలువ మారలేదన్న మూడో మెట్టు విరిగింది. ఎక్కువ అద్దె ఇచ్చేవారిని ముందు తీసుకున్నా కుదరదు. నాలుగు వేలిచ్చే పుస్తక ప్రదర్శన ఒక్కటి వెయ్యిన్నర చొప్పున ఇచ్చే నాలుగింటిని అడ్డుకోవచ్చు.

అక్కడ గ్రీడీ పద్ధతిని వదిలి డైనమిక్ ప్రోగ్రామింగ్‌కు వెళ్లాలి. వరుస మాత్రం పాతదే, ముగింపును బట్టి పేర్చుకోవాలి. ప్రతి దరఖాస్తు దగ్గర రెండు దారులూ లెక్కిస్తారు. దాన్ని వదిలేస్తే అంతకుముందు దాకా వచ్చిన గరిష్ఠ వసూలు ఎంత? తీసుకుంటే దాని అద్దెకు, అది మొదలయ్యేలోగా ముగిసే వాటితో వచ్చే గరిష్ఠ వసూలు కలిపితే ఎంత? పెద్దదాన్ని రాసుకొని ముందుకు వెళతారు. వెనక్కి చూడాల్సిన అవసరం ఇక్కడ వచ్చింది, అయినా పని ఇంకా `n log n` లోనే ముగుస్తుంది.

గ్రంథాలయం రెండో మందిరం కట్టిందనుకోండి, అద్దె ఊసు లేదు, సంఖ్యే లక్ష్యం. ముందు ముగిసేదాన్ని ముందు చూసే నియమం ఇక్కడా నిలుస్తుంది, కానీ ఏ మందిరం ఇవ్వాలన్నది ఇష్టానికి వదలకూడదు. మొదటి మందిరం 10కి ఖాళీ, రెండోది 12కి ఖాళీ అయ్యేలా ఉంది. 12 నుంచి 1 వరకు ఒక దరఖాస్తు వచ్చింది. దాన్ని మొదటి మందిరంలో పెడితే, ఆ వెనుక 11 నుంచి 2 వరకు అడిగినవారికి చోటు లేదు. రెండో మందిరంలో పెడితే వారికి మొదటిది దొరుకుతుంది. అందుకే ఖాళీగా ఉన్నవాటిలో చివరగా ఖాళీ అయినదాన్ని ఇవ్వాలి. దీని రుజువు కూడా మార్పిడే, కాకపోతే మార్చేది ఒక్క పేరును కాదు, రెండు మందిరాల్లో ఆ క్షణం తరువాత మిగిలిన షెడ్యూళ్లను మొత్తంగా ఇటుదటు, అటుదిటు.